ఎన్ని తప్పులు కాదు, ఏ తప్పులు?

గోదావరిఖనిలో 'రూఫ్' అంటే ఇంటి పైకప్పు గుర్తుకురాదు. బొగ్గు తీస్తుంటే తల మీద వేలాడే రాతిపొర గుర్తుకొస్తుంది. బొగ్గు తీసేశాక మిగిలే ఖాళీ 'గోఫ్'. షిఫ్టులో తన జిల్లా భద్రత చూసే మనిషి సర్దారు. ఈ మాటల మధ్య పెరిగినవాణ్ని కాబట్టి ఇంగ్లిష్ భద్రతా నోటీసుల తెలుగును సరిచూడమని కొందరు నా దగ్గరికి తెస్తుంటారు. 'బాగుందా, లేదా?' అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం.

అనువాదంలో చూడాల్సినవి రెండు. మూలంలో ఉన్న అర్థం పూర్తిగా, సరిగ్గా వచ్చిందా అన్నది ఒకటి. తెలుగు తెలుగులా చదవబుద్ధి అవుతోందా అన్నది రెండోది. ఈ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. అందుకే నేను ముందు ఇంగ్లిష్ చూడకుండా తెలుగు ఒక్కటే చదువుతాను. ఒకసారి మూలం చదివాక మన బుర్ర లోటును తనే పూరించేసుకుంటుంది, గజిబిజి వాక్యం కూడా తేటగానే కనిపిస్తుంది. తెలుగు చదవడం అయ్యాకే రెండింటినీ పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం పోలుస్తాను.

ఉదాహరణకు ఒక నోటీసు అనుకుందాం. అందులో మూడు సంగతులున్నాయి. షాట్లు పేల్చాక సర్దారు రూఫునూ సైడ్లనూ పరీక్షించి 'డ్రెస్' చేయించాలి. చివరి వరస సపోర్టులు దాటి ఎవరూ గోఫ్‌లోకి వెళ్లకూడదు. పొగ పోయేదాకా పని మొదలుపెట్టకూడదు. దీనికి రెండు అనువాదాలు వచ్చాయి.

మొదటిది సాఫీగా సాగిపోతుంది. 'రూఫును పరీక్షించి శుభ్రం చేయించాలి' అని రాశారు. చెవికి ఎక్కడా తగలదు. కానీ గనిలో డ్రెస్ చేయడమంటే వదులైన పెచ్చులను గడ్డపారతో కింద పడగొట్టడం. శుభ్రం చేయమంటే కొత్తగా వచ్చినవాడు కింద నేలను ఊడ్చి ఊరుకోవచ్చు, పెచ్చు పైనే ఉండిపోతుంది. గోఫ్ వాక్యంలో 'చివరి వరస' అన్న మాట కూడా జారిపోయింది.

రెండోది చదవడానికి ఇబ్బంది పెడుతుంది. 'పొగ తొలగింపబడనంతవరకు పని ప్రారంభింపబడరాదు' వంటి వాక్యాలు ఆరున్నాయి. అయినా పెచ్చులు రాల్చాలనీ, చివరి వరస దాటకూడదనీ స్పష్టంగానే ఉంది.

తప్పులు మాత్రమే లెక్కపెడితే మొదటిదానికి రెండు, రెండోదానికి ఆరు. మొదటిదే గెలుస్తుంది. అందుకే ప్రతి తప్పుకూ రకంతో పాటు తీవ్రత కూడా రాయాలి. 2012-14 మధ్య యూరప్‌లో రూపుదిద్దుకున్న ఎంక్యూఎం అనే పద్ధతి పునాది ఇదే. అర్థం మారడం, మాట జారిపోవడం, పారిభాషిక పదం తప్పడం, వాక్యం కుంటుపడటం వేర్వేరు రకాలు. నేను చిన్న తప్పుకు 1, పెద్దదానికి 5, ప్రాణాపాయానికి 25 వేస్తాను. 'శుభ్రం' 25, 'చివరి వరస' జారడం 5. రెండోదానిలో ఆరూ చిన్నవే, కాబట్టి 6. ఇప్పుడు లెక్క 30కి 6. రెండు నోటీసులూ అరవయ్యేసి మాటలైతే నూటికి 50, 10 అవుతాయి. పొడవు తేడా ఉన్న నోటీసులను పోల్చడానికి ఈ నూటికి లెక్క అవసరం.

ఫలితాన్ని కబుర్లుగా కాక గళ్లలో నింపి ఇస్తే రేపు ఇంకొకరు తిరిగి సరిచూసుకోవచ్చు. కంప్యూటర్లో మొదటి అనువాదం ఇలా ఉంటుంది:

```
{"words": 60,
 "errors": [
  {"type": "mistranslation", "severity": "critical", "count": 1},
  {"type": "omission", "severity": "major", "count": 1}],
 "penalty": 30}
```

చిక్కు సరిహద్దుల్లో వస్తుంది. 'రూఫు పరీక్షింపబడవలెను' అన్న వాక్యాన్నే చూడండి. చూడగానే భాషాదోషం అనిపిస్తుంది. కానీ ఎవరు పరీక్షించాలో అందులో లేదు. మూలంలో సర్దారు ఉండి తెలుగులో మాయమైతే అది అర్థదోషమే. చదివినవాడు చేసే పని మారిపోతుందా అని అడిగి చూసుకుంటే ఏ గడిలో వేయాలో తేలుతుంది.

'పైకప్పు' అన్న మాట ఇంకో చిక్కు. నిఘంటువు ప్రకారం అది తప్పు కాదు. గనిలో దిగేవాళ్లు ఆ మాట వాడరు, కాబట్టి పదజాలం గడిలో ఒక తప్పు వేయాల్సిందే. అచ్చతెలుగు మీద ప్రేమతో దాన్ని మెచ్చుకుంటే లెక్క చెడుతుంది.

ఈ అంకెలకూ ఒక హద్దుంది. ఒకే తప్పును నేను పెద్దదంటే ఇంకొకరు చిన్నదనొచ్చు. అందుకే ఇద్దరు విడివిడిగా నింపాక, తేడా వచ్చిన గళ్ల గురించి మాట్లాడుకోవాలి. ఆ ఇద్దరిలో ఒకరు గని దిగినవారై ఉండాలి. 'శుభ్రం' దగ్గర నా కలం ఆగకపోయినా, వారి చెయ్యి ఆగుతుంది.