సమీక్షలో ఒక ‘ఏమో’

ఏ గాడ్జెట్ సమీక్ష చదువుతున్నా నేను వెతికే వాక్యం ఒకటుంది: ‘ఈ సంగతి నేను తేల్చుకోలేకపోయాను.’ అది కనిపిస్తే, ఆ రాసినవారు తేల్చి చెప్పిన మిగతా సంగతుల మీద నాకు గురి కుదురుతుంది.

పుస్తకాలు చదువుకోవడానికే తయారైన ఈ-రీడర్‌ను తీసుకుందాం. ఆ మధ్య ఆరంగుళాల రీడర్ గురించి రాయడానికి కూర్చుంటే కళ్ల దగ్గరే చిక్కు వచ్చింది. రాత్రిపూట ఫోన్‌లో కన్నా అందులో చదవడం హాయిగా అనిపించింది. ‘కళ్లకు మంచిది’ అని రాసేసి ముందుకు పోవచ్చు. కానీ ఆ హాయి ఎక్కడిది? ఈ-ఇంక్ తెరలో విద్యుత్తుకు కదిలే నల్ల, తెల్ల రేణువులు పైకి తేలి అక్షరాలవుతాయి. కాగితం మీద లాగే వెలుగు వాటి మీద పడి మన కంటికి తిరిగి వస్తుంది. రాత్రి వెలిగే చిన్న దీపాలు కూడా అంచుల నుంచి తెర ముఖం మీదికే వెలుగు పరుస్తాయి. హాయికి ఇది కారణం కావచ్చు. మధ్యమధ్యలో వాట్సాప్ మోగకపోవడమూ కావచ్చు. అందుకని ఫోన్‌లో వెలుగు బాగా తగ్గించి, నోటిఫికేషన్లన్నీ ఆపి, అదే నవల చదివి చూశాను. తేడా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. సమీక్షలో ఇదే రాశాను. చదివినవాళ్లు కొనేముందు తమ ఫోన్‌తో అదే పని చేసి చూసుకోవచ్చు. కొందరికి కొనే అవసరమే తీరిపోవచ్చు.

అయితే లెక్క వేస్తే తేలిపోయే చోట ‘ఏమో’ అనడానికి వీల్లేదు. ఒకసారి చార్జింగ్ పెడితే ఆరు వారాలు వస్తుందని ప్రకటన ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో, రోజుకు అరగంట చదివితే, వైఫై ఆపి ఉంచితే అని ఉంటుంది. 42 రోజులకు అరగంట చొప్పున మొత్తం 21 గంటలు. రోజూ రెండు గంటలు చదివేవారికి పది రోజులకు అటూ ఇటూగా అయిపోతుంది. ఇది సూటిగా చెప్పాలి. రెండేళ్ల తర్వాత అదే బ్యాటరీ ఎలా ఉంటుందన్నది వేరే ప్రశ్న. కొన్ని వారాలు వాడినవారికి అది తెలిసే దారి లేదు. ఆ మాటా రాయాలి.

ఇక తెలుగు పాఠకులకు ముఖ్యమైనది, పాత పుస్తకాల స్కాన్ పీడీఎఫ్‌లు. డెమ్మీ సైజు పుస్తకం పేజీ వెడల్పు సుమారు అయిదున్నర అంగుళాలు. ఆరంగుళాలనేది తెర మూల నుంచి మూలకు కొలత, వెడల్పు మూడున్నర అంగుళాల పైచిలుకే. పేజీ వెడల్పు మొత్తం అందులో ఇమిడితే 12 పాయింట్ల అక్షరం ఎనిమిదికి దిగిపోతుంది. ఇంగ్లిషు అక్షరం ఆ సైజులోనూ నెట్టుకొస్తుంది. మన అక్షరాల కింద వత్తులుంటాయి. పాత అచ్చులో సిరా అలుక్కుపోయి ఉంటే ఏ వత్తో పోల్చుకోవడం కష్టం. చుట్టూ ఉన్న ఖాళీ అంచులు కత్తిరిస్తే అక్షరం పది పాయింట్ల దాకా పెరుగుతుంది. అప్పుడు చదవగలం, సుఖంగా మాత్రం కాదు. నా అభిప్రాయం కూడా అంత మెత్తనిదే: యూనికోడ్‌లో వచ్చిన కొత్త పుస్తకాలకు ఈ రీడర్ బాగుంది, స్కాన్‌లే ఎక్కువగా చదివేవారు పది అంగుళాల తెర చూసుకోవడం మేలు. దీన్ని అయిదు నక్షత్రాల్లో మూడని కుదిస్తే ఇద్దరికీ పనికిరాకుండా పోతుంది.

సమీక్షలో కాస్త పక్కదారి పట్టడం కూడా నాకిష్టం. ‘వేయిపడగలు’ లాంటి పెద్ద నవల చదివేటప్పుడు ఎవరో పాత్ర చాలా సేపటికి మళ్లీ వస్తుంది. ఈయన ఇంతకుముందు ఎక్కడ కనిపించాడా అని వెనక్కి వెళ్తాం. అచ్చు పుస్తకంలో ‘ఎడమవైపు పేజీ, అడుగున’ అని వేలికే గుర్తుంటుంది. రీడర్‌లో పేరు కొట్టి వెతకొచ్చు, అయితే పేరు గుర్తుండాలి. స్కాన్ పుస్తకంలో అక్షరాలన్నీ బొమ్మలే కాబట్టి ఆ వెతుకులాటా సాగదు. ఆ నవల ఊసు ఎత్తకపోతే ఈ లోటు నా సమీక్షలోకి వచ్చేది కాదు. సాంకేతిక వివరాల పట్టికలో దీనికి గడి లేదు.

సమీక్షలు రాసేవారికి నా విన్నపం ఒకటే. వస్తువు మీరు కొన్నదో, కంపెనీ పంపిందో, ఎన్నాళ్లు వాడారో మొదటే చెప్పండి. తేలని సంగతుల్ని చివర్లో కొట్టేయకుండా, ఎందుకు తేలలేదో ఒక వాక్యం కలిపి అచ్చుకు పంపండి.