జవాబు ఒక్కరికే చేరాలంటే

చీర బేరం ఇద్దరి మధ్య మాట. ఇంకో వంద తగ్గుతుందా, ఈ రంగు నాకు నప్పుతుందా, డబ్బులు ఒకటో తారీఖున ఇస్తే పర్లేదా అని నలుగురిలో ఎవరూ అడగరు. అందుకే ఇంటి దగ్గర చీరలు అమ్ముకునేవాళ్ళు వాట్సాప్‌లో గ్రూపు పెట్టాలా, బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టాలా అని అడిగితే, జవాబులు ఎవరికి కనబడాలో ముందు తేల్చుకోమంటాను.

మంగళగిరి చీరలు అమ్మే మా వదిన మొదట గ్రూపే పెట్టింది. ఒక సాయంత్రం ఆరు ఫొటోలు పెడితే, అందులో నెమలికంఠం రంగు చీర ఒక్కటే పీసు. "అక్కా, అది నాకు" అని ఒకావిడ, వెంటనే "నాకు కూడా" అని ఇంకో ఇద్దరు. మొదట అడిగినావిడకు ఇస్తే మిగతా ఇద్దరికీ అందరి ముందూ కాదన్నట్టయింది. ఇంతలో మరొకరు, "పోయినసారి నాకు రెండొందలు తగ్గించారు కదా అక్కా, ఇప్పుడూ అంతేనా?" అని రాశారు. ఎప్పుడూ చెప్పిన ధరకే కొనేవాళ్ళు కూడా ఆ రాత్రి తగ్గింపు అడిగారు. చీరలో లోపం లేదు, ధరలో మోసం లేదు. ఒకరితో ఆడిన మాట అందరి చెవినా పడింది, అంతే. పైగా గ్రూపులో చేరినవాళ్ళందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. ఆడవాళ్ళ నంబర్లు ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతిలో పడటం చిన్న విషయం కాదు.

అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపును మార్చవచ్చు. గోల తగ్గుతుంది కానీ నంబర్లు కనబడుతూనే ఉంటాయి. కొనాలనుకున్నావిడ అడ్మిన్ పేరు నొక్కి విడిగా చాట్ తెరవాలి. చాలామంది అంత దూరం రారు. ఇక ఛానెల్ పెడితే నంబర్లు దాగుతాయి గానీ, చూసినవాళ్ళు అందులో మామూలు చాట్‌లోలా తిరిగి రాసే వీలుండదు.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు పనితీరు వేరు. మనం ఒక్కసారి పంపిన ఫొటో ఒక్కొక్కరి సొంత చాట్‌లో విడిగా పడుతుంది. ఇంకెవరికి వెళ్ళిందో వాళ్ళకు తెలియదు. ఆ ఫొటోకే రిప్లై కొడితే, ఏ చీర గురించి అడుగుతున్నారో మనకు ఫొటోతో సహా కనబడుతుంది. ఒకే పీసుకు ముగ్గురు అడిగితే, ఎవరి మెసేజ్ ముందొచ్చిందో టైము చూసి వాళ్ళకు ఖాయం చేసి, మిగతా ఇద్దరికీ "అది అయిపోయిందమ్మా, ఇదే అంచుతో ఇంకో రంగు ఉంది, చూడండి" అని విడివిడిగా చెప్పుకోవచ్చు. ఫొటో మీద ఒకటి, రెండు అని నంబరు వేసి పంపితే, ఫోన్లో అడిగేవాళ్ళకూ తికమక ఉండదు.

దీనికి ఒక షరతుంది, చాలామంది బోల్తా పడేది అక్కడే. మన నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. వాళ్ళ నంబరు మన దగ్గర ఉంటే చాలదు. పంపేటప్పుడు ఫోను ఏ హెచ్చరికా ఇవ్వదు, అందరికీ వెళ్ళిందనే అనుకుంటాం. చేరిందో లేదో తెలియాలంటే, పంపిన మెసేజ్‌ను నొక్కిపట్టి Info తెరవాలి. చదివినవాళ్ళ పేర్లు, చేరినవాళ్ళ పేర్లు విడిగా ఉంటాయి. రెండింటిలోనూ లేని పేరు ఒకరోజు ఆగినా రాకపోతే, మరుసటిసారీ రాకపోతే, ఫోను ఆపి ఉందనుకోవడం కన్నా మన నంబరు సేవ్ కాలేదనుకోవడమే సబబు. బ్లాక్ చేసి ఉండటానికీ అవకాశముంది.

దానికి మందు చీర చేతికిచ్చేటప్పుడే వేయాలి. "కొత్త సరుకు ఫొటోలు కావాలంటే నా నంబరు సేవ్ చేసుకుని, మీ పేరుతో ఒక మెసేజ్ పెట్టండమ్మా" అని అడగాలి. పెట్టినవాళ్ళనే లిస్టులో చేర్చాలి. వదిన అలా మొదలుపెట్టాక లిస్టు చిన్నదయింది, కానీ అందులో ఉన్నవాళ్ళందరూ కావాలని అడిగి చేరినవాళ్ళే. ఒక్కో లిస్టులో 256 మంది దాకా పడతారు, అంతకు మించితే ఇంకో లిస్టు పెట్టుకోవచ్చు. నేను మాత్రం సంఖ్య చూడకుండా, కాటన్ కొనేవాళ్ళకు ఒకటి, పట్టు కొనేవాళ్ళకు ఒకటి పెట్టుకోమంటాను. పట్టు చీర ఊసే ఎత్తనివాళ్ళకు వారం వారం పట్టు ఫొటోలు వెళితే విసిగి బ్లాక్ చేస్తారు.

గ్రూపు పనికిరాదని కాదు. అపార్ట్‌మెంటులో పాలు, కూరగాయలు తెచ్చే మనిషి ఈరోజు రావడం ఆలస్యమని చెప్పాలన్నా, పది ఇళ్ళవాళ్ళు కలిసి ఒక మామిడిపళ్ళ బుట్ట తెప్పించుకోవాలన్నా, ఒకరి మాట ఇంకొకరు వినడమే అక్కడ పని. గ్రూపే సరి. ధర, అప్పు, కొలత, అడ్రస్ మాట్లాడే వ్యాపారంలో మాత్రం జవాబు ఇద్దరి మధ్యే ఉండాలి. నంబరు సేవ్ చేయించే శ్రమ పడాల్సి వచ్చినా, కొనేవాళ్ళ మాటకు మరుగు ఇచ్చేది బ్రాడ్‌కాస్ట్ లిస్టే.