టైరు ముందుగా చెప్పే మాట

బాలానగర్ సందుల్లో బండి నడిపేవారికి అక్కడి నేల సంగతి తెలుసు. లేత్ మిషన్ల నుంచి రాలిన ఇనుప చుట్టలు, స్క్రూలు, రేకు ముక్కలు కార్ఖానాల ముందు రోడ్డు మీద పడి ఉంటాయి. ట్యూబ్‌లెస్ టైరులో స్క్రూ దిగితే టైరు వెంటనే కూలిపోదు. రంధ్రాన్ని ఆ స్క్రూయే మూసి ఉంచుతుంది, గాలి దాని చుట్టూ కొద్దికొద్దిగా జారిపోతుంది. టైరు పూర్తిగా చదునయ్యేలోపు బండి మనకు చాలా సూచనలు ఇస్తుంది. ఏ చక్రం గాలి కోల్పోతున్నదో దాన్నిబట్టి ఆ సూచన మన శరీరంలో వేర్వేరు చోట్ల అందుతుంది.

ముందు టైరులో గాలి తగ్గితే చేతులకు తెలుస్తుంది. మెత్తబడిన టైరు నేలకు ఎక్కువగా అతుక్కుని దొర్లడానికి మొరాయిస్తుంది. బండి ఆ పక్కకు లాగుతుంది, స్టీరింగును రెండో వైపు పట్టి ఉంచవలసి వస్తుంది. అయితే మన రోడ్లు వాననీరు పోవడానికి ఎడమ అంచుకు వాలి ఉంటాయి కనుక కొద్దిపాటి ఎడమ లాగుడు సహజమే. చదునైన చోట అది పోతుంది. చక్రాల అలైన్‌మెంట్ తప్పినందువల్ల వచ్చే లాగుడు రోజూ ఒకేలా ఉంటుంది. పంక్చర్ వల్ల వచ్చేది ఈ ప్రయాణంలోనే మొదలై, దూరం పోయేకొద్దీ పెరుగుతుంది.

వెనుక టైరు సంగతి వేరు. అది స్టీరింగుకు చెప్పదు, కూర్చున్న సీటుకు చెబుతుంది. గత చలికాలంలో అమ్మీని, పిల్లలను తీసుకుని నర్సాపూర్ వైపు బయలుదేరాను. దారిలో బాలానగర్‌లో మామయ్య కార్ఖానా ముందు గంటసేపు ఆగాము. తిరిగి కదిలాక సందులో సన్నని టిక్ టిక్ శబ్దం వినిపించింది. వేగం పెంచితే త్వరగా, తగ్గిస్తే నెమ్మదిగా వస్తోంది. టైరు గాడిలో చిన్న రాయి ఇరుక్కున్నా ఇలాగే వస్తుంది. కనుక ఆ శబ్దం ఒక్కటే పంక్చరుకు రుజువు కాదు.

2021 జూలైలో ప్రారంభమైన బాలానగర్ ఫ్లైఓవర్ మీద ఒక లారీని దాటేందుకు వరుస మారాను. స్టీరింగు నిటారుగానే ఉంది, కానీ బండి వెనుక భాగం ఒక క్షణం ఆలస్యంగా కదిలి, పక్కకు ఊగి, ఆ తరువాత సర్దుకున్నది. ఎడమవైపు వెనుక చక్రం మీదుగా కూర్చున్న అమ్మీ అప్పుడే, "బేటా, నా కింద ఏదో మెలికలు తిరుగుతున్నట్టుంది" అన్నది. గాలి తగ్గిన టైరు పక్క గోడ మెత్తబడి పక్కకు వంగుతుంది. అందుకే మలుపులో వెనుక భాగం వెనుకబడుతుంది.

పాట ఆపించి, అద్దం కొద్దిగా దించి విన్నాను. ఫ్లైఓవర్ అతుకుల మీద వచ్చే దెబ్బ ముందు చక్రానికొకటి, వెనుక చక్రానికొకటి జంటగా పడుతుంది, అతుకు దాటాక ఆగిపోతుంది. టైరు దెబ్బ ఆగదు. కారు చక్రం ఒక చుట్టుకు దాదాపు 1.8 మీటర్లు పోతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు మూడు దెబ్బలు వినబడాలి. వంతెన దిగుతుండగా సరిగ్గా ఆ లయలోనే మొద్దుగా దబ్ దబ్ మొదలైంది.

అలాంటప్పుడు గట్టిగా బ్రేకు వేయకూడదు, స్టీరింగు ఒక్కసారిగా తిప్పకూడదు. వెనుక చక్రం అప్పటికే పట్టు కోల్పోతూ ఉంటుంది, బండి పక్కకు జారవచ్చు. యాక్సిలరేటరు మీద కాలు తీసి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ఎడమ ఇండికేటరు వేసి, వంతెన దిగిన వెంటనే ఖాళీ అంచున ఆపాను. పిల్లలను, అమ్మీని ఎడమ తలుపు నుంచే దించాను.

కంటితో మాత్రమే చూసి నిర్ణయించడం కష్టం. రేడియల్ టైరు నిండు గాలిలోనూ కింద కొద్దిగా ఉబ్బి కనిపిస్తుంది. కుడివైపు వెనుక టైరుతో పోల్చాను, ఎడమది స్పష్టంగా కిందికి నలిగి ఉంది. పంక్చర్ దుకాణంలో కొలిస్తే 33 ఉండవలసిన చోట 9 పీఎస్ఐ ఉంది. నేలను తాకే పట్టీలో చిన్న స్క్రూ దిగి ఉంది.

పనివాడు వెంటనే ప్లగ్ వేయలేదు. ముందు టైరును రిమ్ నుంచి విప్పి లోపల చేతితో తడిమాడు. గాలి లేకుండా ఎక్కువ దూరం నడిచి ఉంటే పక్క గోడ రిమ్‌కు, నేలకు మధ్య నలిగి, లోపల నల్లని రబ్బరు పొడి రాలి ఉంటుంది. అది కనిపిస్తే ప్లగ్ వేసినా ప్రయోజనం లేదు. టైరు మార్చవలసిందే, ఎందుకంటే ఆ గోడ తరువాత వేగంలో పగలవచ్చు. మా టైరులో పొడి లేదు. ప్లగ్ వేసి, గాలి నింపి, సబ్బునీళ్లు పోసి బుడగలు రావడం లేదని చూపించాడు. అతడు వాల్వు మీద కూడా సబ్బునీళ్లు పోశాడు. పంక్చర్ దొరకకుండా గాలి తగ్గే బండ్లలో చాలాసార్లు లీకు అక్కడే ఉంటుంది.

ఆరు మిల్లీమీటర్ల కంటే పెద్ద రంధ్రానికి, పక్క గోడలో పడిన రంధ్రానికి ఈ మరమ్మతు పనికిరాదు. దారిలో స్క్రూ కనిపిస్తే దానిని మనమే పీకకూడదు. అది ఉన్నంతసేపే గాలి నెమ్మదిగా పోతుంది.