రెండు శాతం వెనక ఇరవై రోజుల లెక్క

మాది తెనాలిలో చిన్న ఎలక్ట్రికల్ షాపు. నాన్న చూసుకుంటారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నేను ఇంటికెళ్లినప్పుడల్లా బిల్లులు కంప్యూటర్‌లో ఎక్కిస్తుంటాను. వైర్లు పంపే డిస్ట్రిబ్యూటర్ బిల్లు కింద ఎప్పుడూ ఒక లైను ఉంటుంది. పది రోజుల్లో కడితే 2 శాతం క్యాష్ డిస్కౌంట్, లేదంటే 30 రోజుల్లో పూర్తి డబ్బు.

నాన్న ఆ డిస్కౌంట్ తీసుకునేవారు కాదు. "చేతిలో డబ్బు లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి రెండు శాతం తగ్గించుకుంటే చెల్లుకు చెల్లు. దానికి అప్పెందుకురా?" అనేవారు.

వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ రెండు రూపాయల వడ్డీ నెలకి. డిస్కౌంట్ మాత్రం 20 రోజులకే. పదో రోజు కట్టినా, ముప్ఫయ్యో రోజు కట్టినా మధ్యలో తేడా అంతే కదా! ఏడాదిలో అలాంటి 20 రోజులు పద్దెనిమిది ఉంటాయి. 98 రూపాయలు ముందు కట్టినందుకు 2 రూపాయలు మిగలడమంటే, ఏడాదికి దాదాపు 37 శాతం వడ్డీతో సమానం.

లక్ష రూపాయల బిల్లు తీసుకుందాం. పదో రోజు 98,000 కట్టాలి. షాపుకి బ్యాంకులో ఓడీ ఉంది, వడ్డీ ఏడాదికి 12 శాతం. 20 రోజులకి 644 రూపాయలు. అంటే డిస్కౌంట్ 2,000లో 1,356 మనకే మిగులుతుంది. నెలకో బిల్లు చొప్పున ఏడాదికి పదహారు వేలు దాటుతుంది. అదే బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే 20 రోజులకి 1,307. ఇంకా 693 మిగులుతుంది. కానీ చాలామంది 20 రోజులకి తిరిగిచ్చినా నెల వడ్డీ పూర్తిగా తీసుకుంటారు. అప్పుడు 1,960 పోయి, మిగిలేది 40 రూపాయలే. నాన్న మాట అక్కడ నిజమే.

లెక్క చూపించాక నాన్న ఒకటే అడిగారు. "బిల్లు మీద 30 రోజులన్నా, మనం 60 రోజులకి కట్టినా వాళ్లు ఏమీ అనరు. మరి?"

అసలు ప్రశ్న అదే. అరవయ్యో రోజు కట్టే అలవాటుంటే, పదో రోజు కట్టడానికి చేసే అప్పు 20 రోజులది కాదు, 50 రోజులది. ఓడీ వడ్డీ 1,611 అవుతుంది, మిగిలేది 389. బయటి అప్పయితే వడ్డీ 3,267, అంటే 1,267 ఎదురు నష్టం. కాబట్టి బిల్లు మీద రాసిన గడువు కాదు, మనం నిజంగా కట్టే రోజు పెట్టి లెక్క చూసుకోవాలి.

ఇంకో చిక్కు వసూళ్లతో. వైర్లు తీసుకెళ్లిన కాంట్రాక్టర్లు డబ్బు ఆలస్యం చేస్తే ఓడీ తీరదు. 98,000 మీద రోజుకి 32 రూపాయల వడ్డీ పడుతుంది. 62 రోజులు దాటితే ఆ రెండు వేల డిస్కౌంట్ మొత్తం బ్యాంకుకే. అందుకే ఇప్పుడు నాన్న, వసూలు ఖాయంగా వస్తుందన్న నెలల్లోనే ఓడీ తీసి ముందు కడుతున్నారు. మిగతా నెలల్లో ఆ లైను చదివి వదిలేస్తున్నారు.