మొరిగే దగ్గు, కారే చొంగ

పసిబిడ్డ గాలి పీల్చినప్పుడల్లా గొంతులో కీచుమని ధ్వని వస్తుంటే, దానిని ఉబ్బసపు పిల్లికూతగా పొరబడకండి. పిల్లికూత ప్రధానంగా గాలి వదిలేటప్పుడు ఛాతీలో పుడుతుంది. ఈ ధ్వని పీల్చేటప్పుడు పుడుతుంది. గాలి దారి గొంతు వద్దనే ఇరుకైందని దాని అర్థం. అందుకు కారణమయ్యే జబ్బులలో రెండింటిని మీరు వేరుచేసి గుర్తించగలగాలి.

మొదటిది క్రూప్. ఆరు నెలల నుండి మూడేళ్లలోపు పిల్లలలో ఎక్కువ. ఒకటి రెండు రోజులు జలుబు, కొద్ది జ్వరం ఉండి, రాత్రివేళ హఠాత్తుగా కుక్క మొరిగినట్లు దగ్గు మొదలవుతుంది. గొంతు బొంగురుపోతుంది. ఇది వైరస్ వలన స్వరపేటిక కింద వచ్చే వాపు. బిడ్డను ఎత్తుకొని ఏడవనీయకుండా ఊరడించండి. ఏడుపు గాలి దారిని మరింత ఇరుకు చేస్తుంది. వైద్యుడు ఒక్క మోతాదు డెక్సామెథసోన్ ఇస్తే కొన్ని గంటలలో వాపు తగ్గుముఖం పడుతుంది. అయితే ఊరకే కూర్చున్నప్పుడు కూడా కీచుధ్వని వస్తున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుకుపోతున్నా తెల్లవారేదాకా ఆగరాదు.

రెండవది ఎపిగ్లాటైటిస్. మింగేటప్పుడు శ్వాసనాళాన్ని కప్పే చిన్న మూత వంటి భాగం బాక్టీరియా సోకి వాచిపోవడం. నా ఉద్యోగకాలంలో చూచిన ఒక నాలుగేళ్ల పాప ఉదయం ఆడుకుంది, మధ్యాహ్నానికి తీవ్రజ్వరం, సాయంత్రానికి మంచినీళ్లు కూడా మింగలేని స్థితి. తల్లి ఒడిలో ముందుకు వంగి, గడ్డం చాచి, నోరు తెరచి కూర్చున్నది. చొంగ గౌను మీదికి కారుతున్నది. దగ్గు లేదు, మాట నోట్లో ముద్ద ఉన్నట్లు పలుకుతున్నది. శ్వాసలో చప్పుడు కూడా స్వల్పమే. పక్క మంచం మీద క్రూప్‌తో మొరుగుతున్న బిడ్డను చూచి అందరూ భయపడుతున్నారు గాని, నిజమైన ప్రమాదం నిశ్శబ్దంగా కూర్చున్న ఈ పాపదే.

మేము ఆమె నోరు తెరిపించలేదు, సూది వేయలేదు, పడుకోబెట్టలేదు. తల్లి ఒడిలోనే ఆపరేషన్ గదికి చేర్చాము. మత్తు వైద్యుడు గాలి మత్తు ఇచ్చి గొట్టం వేసేటప్పుడు, అవసరమైతే మెడ వద్ద రంధ్రం చేయడానికి గొంతు శస్త్రవైద్యుడు సిద్ధంగా నిలబడ్డాడు. ఆ తరువాతనే సెలైన్, యాంటీబయాటిక్. కొద్ది రోజులలో గొట్టం తీసివేశాము.

కనుక చొంగ కారుస్తూ ముందుకు వంగి కూర్చున్న బిడ్డ గొంతులో చెంచా పెట్టి చూడకండి. ఆ కాస్త కదలికకే గాలి దారి పూర్తిగా మూసుకుపోవచ్చును. నీళ్లు, మందులు పట్టకండి. కూర్చున్న భంగిమలోనే ఉంచి వెంటనే 108కు ఫోన్ చేయండి. క్రూప్ బిడ్డ విషయంలో కూడా దగ్గు, ధ్వని తగ్గి, బిడ్డ సోలిపోతూ పెదవులు నీలిరంగుకు తిరిగితే అది నెమ్మదించడం కాదు, అలసిపోవడం.

పిల్లలలో ఎపిగ్లాటైటిస్‌కు ఒకప్పుడు ముఖ్య కారణం హిబ్ అనే బాక్టీరియా. దానికి టీకా, 6, 10, 14 వారాల వయసులో ఇచ్చే పెంటావాలెంట్‌లోనే ఉన్నది. టీకా కార్డు ఇంట్లో ఉంటే ఆ మూడు గడులూ నిండాయో లేదో చూడండి. ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు ఆ కార్డును వెంట తీసుకువెళ్లండి.