నడపొద్దు, నడపొచ్చు: ఒక్క అక్షరం లెక్క

కొంచెం పొడుగు పోస్టు, ఓపికతో చదవండి.

మా బాపు పటాన్‌చెరులో ప్రెస్ షాపుల పనిచేస్తడు. ఏళ్ల తరబడి ఆ చప్పుడుకు చెవులు మందగించినయ్. అందుకే ఫోన్‌లో వీడియో చూస్తే కింద వచ్చే అక్షరాలు చదువుకుంటడు. మొన్న పండుగకు ఇంటికి పోతే అడిగిండు: "గార్డు తీసి మిషన్ నడపొచ్చట, నిజమేనారా?"

నేను విన్న. వీడియోలో పెద్దమనిషి అన్నది "నడపొద్దు". కింద పడ్డది "నడపొచ్చు".

హాస్టల్‌కి వచ్చినంక ఆ వీడియోనే కొలిచిన. మొదటి ఐదు నిమిషాలు తీసుకోలేదు, ఎందుకంటే మొదట్ల అందరూ నిదానంగా మాట్లాడుతరు. అక్కడక్కడ ఐదు ముక్కలు తీసిన, మొత్తం 500 మాటలు. క్యాప్షన్లు మూసి, విన్నది విన్నట్టు ముందు నేనే రాసుకున్న. అవి చూసుకుంట రాస్తే తప్పు కూడా ఒప్పులాగే వినపడుతది. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి మూడు రకాల తప్పులు లెక్కించిన: మారిన మాటలు 71, ఎగిరిపోయినవి 22, అదనంగా వచ్చినవి 17. మొత్తం 110ని 500తో భాగిస్తే 22 శాతం.

కానీ ఈ లెక్క తెలుగుకు కొంచెం అన్యాయం చేస్తది. నేను "వచ్చిందని" అని రాస్తే మిషన్ "వచ్చింది అని" రాసింది. అర్థం ఒక్కటే, కానీ లెక్కలో రెండు తప్పులు: ఒక మాట మారినట్టు, ఒకటి అదనంగా వచ్చినట్టు. "ఐదు వందలు" బదులు "500" వచ్చినా అంతే. ఇట్లాంటివి 34 తీసేస్తే 76 మిగిలినయ్, అంటే 15 శాతం పైన.

ఇది బాగానే ఉందనుకున్న. తర్వాత ఎవరైనా వెతికే మాటలను మాత్రం విడిగా చూసిన: ఊరి పేర్లు, తండా, ఈఎస్‌ఐ, మిషన్ భాగాల పేర్లు. అట్లాంటివి 20 ఉంటే 9 తప్పు. "తండా" "దండ" అయింది. "తండా" అని ఆ అక్షరాల్లో వెతికితే ఆ చోటు దొరకదు. "మరి, అప్పుడు, చెప్తే" లాంటి మాటలు వందలసార్లు వస్తయి, సరిగ్గా పడుతయి, సగటును బాగు చేస్తయి. అరుదైన పేర్ల తప్పులు ఆ సగటు కింద దాక్కుంటయి.

"నడపొచ్చు" కూడా అంతే. 500లో ఒక్క తప్పు, 0.2 శాతం. కానీ చెయ్యి పోయే తప్పు.

ఇది ఒక్క వీడియో, ఒక్క గొంతు. మొత్తం తెలుగుకు ఇదే శాతం అని చెప్పలేను. నాకు తెలిసింది ఒకటే: శాతంతో పాటు వద్దు-వచ్చు మాటలు, అంకెలు, పేర్లు విడిగా లెక్కించాలె. మన యాసలో వీడియోలు పెట్టేవాళ్లు కనీసం ఈ మూడింటినైనా చేత్తో సరిచేసి పెట్టండి.

అసలు మాట చెప్పినంక బాపు ఆ అక్షరాలు బంద్ చేయించిండు. "ఇగ కిందది నమ్మ" అన్నడు. సరిగ్గా పడ్డ మాటలు కూడా ఇప్పుడు ఆయనకు అందుతలేవు.