“తగు చర్యలు తీసుకోవాలి” — ఎవరు?

మా పెద్దమ్మ కూతురు ఎమ్మెస్‌డబ్ల్యూ చదువుతోంది. 2022 జులై వరదల మీద దుమ్ముగూడెం మండలంలో గోదావరి పక్కనున్న నాలుగు ఊళ్లు తిరిగి, ఇంటింటికీ వెళ్లి మాట్లాడి డిసర్టేషన్ రాసింది. సెలవుల్లో ఖాళీగా ఉన్నాను కదా అని ఫార్మాటింగ్ పని నాకు అప్పజెప్పింది. మార్జిన్లు, టేబుళ్లు, పేజీ నంబర్లు సరిచేసుకుంటూ చివరి అధ్యాయం దాకా వచ్చాను. దాని పేరు ‘సూచనలు’. మొత్తం పదకొండు.

“వరద హెచ్చరిక వ్యవస్థను బలోపేతం చేయాలి.” “ప్రజల్లో అవగాహన పెంచాలి.” “వివిధ శాఖల మధ్య సమన్వయం మెరుగుపరచాలి.” “గర్భిణులు, వృద్ధుల పట్ల ప్రత్యేక శ్రద్ధ వహించాలి.” అన్నీ ఈ వరసే. ఒక్కటి కూడా తప్పు కాదు. కానీ దుమ్ముగూడెం అన్న మాట తీసేసి కోనసీమ అని పెట్టినా, బిహార్ అని పెట్టినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. మనం గిట్‌హబ్‌లో ఇష్యూ ఓపెన్ చేసి టైటిల్ “యాప్ బాగుండాలి” అని రాసి, అసైనీ ఖాళీ వదిలేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

అక్కతో అదే అన్నాను. “అందరూ ఇలాగే రాస్తార్రా, సీనియర్ల థీసిస్‌లు చూడు” అంది. తర్వాత కాసేపు ఊరుకుని, “నాకు అన్నం పెట్టి మరీ గంటలు గంటలు చెప్పారు వాళ్లు. ఇది చదివి ఎవడూ ఏమీ చేయడు కదా” అంది. వైవాకి ఇంకా మూడు వారాలు ఉంది. ఆ అధ్యాయం మళ్లీ రాద్దామని ఇద్దరం కూర్చున్నాం.

ముందు కొంచెం నేపథ్యం చెప్పాలి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులై 16న అది 71.3 అడుగులకు వెళ్లింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 తర్వాత అంత నీరు రావడం అదే. టీవీలో, వాట్సాప్‌లో, మైకులో అందరికీ వినపడేది ఈ భద్రాచలం నంబరే. దుమ్ముగూడెం మాత్రం భద్రాచలానికి సుమారు 25 కిలోమీటర్ల ఎగువన ఉంటుంది. అంటే నీళ్లు ముందు వీళ్ల ఊళ్లు దాటి, ఆ తర్వాత ఆ స్కేలు దగ్గరికి వెళ్తాయి.

అక్క ఇంటర్వ్యూలు మళ్లీ చదివితే ఆ నాలుగు ఊళ్లలో హెచ్చరిక అందలేదని చెప్పినవాళ్లు దాదాపు లేరు. అందరూ నంబర్ విన్నారు. వాళ్లకు తెలియనిది ఆ నంబర్‌కి తమ ఊళ్లో అర్థం ఏంటన్నది. ఒక పెద్దాయన మాట అక్క నోట్‌బుక్‌లో ఉంది: “43 అంటరు, 48 అంటరు. మా వాగు మీదికి నీళ్లొస్తయా రావా, అది చెప్పుండ్రి.” గోదావరి పెరిగినప్పుడు నీళ్లు వాగులోకి ఎగపోటు వేస్తాయి. ఊరు మునగకముందే వాగు దగ్గర రోడ్డు మునిగిపోతుంది. ఇల్లు పొడిగానే ఉంటుంది కానీ బయటికి దారి ఉండదు. అసలు సమస్య ఇది. “హెచ్చరిక వ్యవస్థ బలోపేతం” అన్న మాటలో ఇది ఎక్కడా కనపడదు.

అందుకని మొదటి పని, ప్రతి సూచన పక్కనా అది అక్క డేటాలో ఏ పేజీ నుంచి వచ్చిందో రాయడం. పేజీ దొరకని సూచన కొట్టేయడం. నాలుగు అలాగే పోయాయి. అందులో “ఆధునిక సాంకేతికతను వినియోగించాలి” ఒకటి. నాకు కొంచెం బాధేసింది, ఎందుకంటే యాప్ చేద్దామని అప్పటికే మనసులో అనుకున్నాను. కానీ ఆ ఊళ్లలో యాప్ లేక ఇబ్బంది పడ్డామని ఎవరూ చెప్పలేదు. కరెంటు పోయి ఫోన్లు చచ్చిపోయాయని మాత్రం చాలామంది చెప్పారు.

రెండో పని, మిగిలిన వాటికి మనిషిని వెతకడం. “ప్రభుత్వం” అని రాయకూడదని రూల్ పెట్టుకున్నాం. నదిని కొలిచి అంచనా ఇచ్చేది కేంద్ర జల సంఘం. ప్రమాద హెచ్చరిక ప్రకటించేది జిల్లా యంత్రాంగం. మండలంలో పునరావాస కేంద్రాలు తెరిచేది తహసీల్దార్. ఊళ్లో రిజిస్టర్, గ్రామసభ, దండోరా చేతిలో ఉన్నది పంచాయతీ కార్యదర్శి. ఏ ఇంట్లో ఎవరికి ఎన్నో నెలో తెలిసింది ఆశా కార్యకర్త. ఇలా రాసుకుంటే ఒక విషయం అర్థమైంది. మేము కలెక్టర్‌ని ఉద్దేశించి రాసిన వాటిలో సగం నిజానికి ఊళ్లోనే ఉన్న మనిషి చేయగలిగినవి. పైవాళ్లకి రాస్తే గౌరవంగా కనపడుతుంది గానీ, అది మళ్లీ కింది మనిషి దగ్గరికి వచ్చేసరికి ఉత్తర్వుగా మారి, వాగు పేరు పోయి “లోతట్టు ప్రాంతాలు” అయిపోతుంది.

మూడో పని, వరస పెట్టడం. దీనికి రెండే ప్రశ్నలు వేసుకున్నాం. ఇది చేయకపోతే ప్రాణం పోతుందా, సామాను పోతుందా? ఈ మనిషి తనకున్న అధికారంతో, ఇప్పుడున్న డబ్బుతో, వచ్చే జూన్‌లోపు చేయగలరా? రెండింటికీ గట్టి జవాబు ఉన్నవి పైకి వచ్చాయి. కరకట్ట అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు, అది న్యాయమైన కోరికే. కానీ దాన్ని పంచాయతీ కార్యదర్శి కట్టలేరు, జూన్‌లోపు ఎవరూ కట్టలేరు. దాన్ని తీసేయలేదు. ‘దీర్ఘకాలికం, నీటిపారుదల శాఖకు’ అని విడిగా పెట్టి, ఆ శాఖకు పనికొచ్చేలా ఏ ఊళ్లో నీళ్లు ఏ వైపు నుంచి ఎక్కాయో అక్క గీసిన మ్యాప్ జత చేశాం. చేయగలిగినవాటి మధ్యలో దాన్ని మొదటి నంబర్‌గా పెడితే, చదివేవాళ్లు అక్కడే ఆగి “ఇది మన వల్ల అయ్యేది కాదు” అని పేజీ మూసేస్తారు.

ఇప్పుడు “గర్భిణుల పట్ల ప్రత్యేక శ్రద్ధ” అన్నది ఏమైందో పూర్తిగా చెప్తాను. మా మొదటి డ్రాఫ్ట్ ఇలా ఉంది: ఆశా కార్యకర్త ప్రతి సంవత్సరం మే నెలాఖరుకి, జూన్ 15 నుంచి సెప్టెంబర్ చివరి వరకు కాన్పు తేదీ ఉన్నవాళ్ల జాబితా రాయాలి. పేరు పక్కన ఇల్లు వాగుకి ఏ వైపు ఉందో రాయాలి. రెండో ప్రమాద హెచ్చరిక రాగానే వాళ్లను భద్రాచలం ఆసుపత్రి దగ్గరికి పంపాలి.

బాగానే ఉంది అనుకున్నాం. కానీ నాలుగో పని మిగిలింది. రాసింది చేయాల్సిన మనిషికే చదివి వినిపించడం. అక్క ఆ ఊరి ఆశా అక్కకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి చదివింది. ఆమె మొత్తం విని, “జాబితా నా దగ్గర ఉండనే ఉంటదమ్మా. వాగుకి ఏ పక్కన అనేది రాయలేదు గానీ, అది రాస్తా. కానీ రెండో హెచ్చరిక దాకా ఆగితే మా ఊరికి ఆటో రాదు. ఇంకోటి, ఆమె ఒక్కతే పోదు. ఇంట్ల పిల్లలుంటరు. తోడు ఎవరొస్తరు, పిల్లల్ని ఎవరు చూస్తరు? అది తేలకపోతే ఎంత చెప్పినా కదలరు” అంది. రెండు నిమిషాల మాటలో మా డ్రాఫ్ట్‌లో లేనివి రెండు దొరికాయి.

అందుకే చివరి రూపం ఇలా మారింది:

“ఎవరు: ఆశా కార్యకర్త, ఏఎన్ఎంతో కలిసి. ఏం చేయాలి: జూన్ 15 నుంచి సెప్టెంబర్ చివరి వరకు కాన్పు తేదీ ఉన్నవారి జాబితాలో మూడు వివరాలు చేర్చాలి. ఇల్లు వాగుకి ఏ వైపు, తోడు వచ్చేదెవరు, ఇంట్లో పిల్లల్ని చూసేదెవరు. ఎప్పటిలోగా: మే 31. ఎప్పుడు కదలాలి: ఎగువన పేరూరు దగ్గర మట్టం వేగంగా పెరుగుతోందని తెలిసిన రోజే, భద్రాచలంలో మొదటి హెచ్చరిక కోసం ఆగకుండా. ఖర్చు: కొత్తది లేదు. జరిగిందని ఎలా తెలుస్తుంది: జాబితా నకలు జూన్ మొదటి వారంలో పీహెచ్‌సీ వైద్యాధికారి దగ్గర ఉండాలి.”

పేరూరు ఎందుకంటే, అది ప్రాణహిత, ఇంద్రావతి రెండూ గోదావరిలో కలిసిన తర్వాత వచ్చే కొలత కేంద్రం, దుమ్ముగూడానికి ఎగువన ఉంది. తమ కంటే కింద ఉన్న స్కేలు చూసి నిర్ణయం తీసుకోవడం కంటే, తమ పైన ఉన్నది చూడటం నయం.

హెచ్చరిక గురించిన సూచన పంచాయతీ కార్యదర్శికి వెళ్లింది. 2022లో నీళ్లు ఎక్కిన ఎత్తు దగ్గర బడి గోడ మీద పెయింట్‌తో గీత గీసి, పక్కన “71.3” అని రాయాలి. ఇకమీదట వాగు రోడ్డు మునిగిన ప్రతిసారీ, ఆ గంటలో భద్రాచలం, పేరూరు మట్టాలు రెండూ రిజిస్టర్‌లో రాయాలి. రెండు మూడు వరదలు గడిస్తే “ఇంత అంటే మన వాగు మూసుకుంటుంది” అని ఊరికి సొంత లెక్క వస్తుంది. కార్యదర్శి సార్ విని, “బోర్డు అంటే డబ్బులు అడగాలి. పెయింట్ అయితే రేపే వేయిస్తా. కానీ నాకు ట్రాన్స్‌ఫర్ అయితే ఎలా?” అన్నారు. అందుకే “వ్యక్తిగత డైరీలో కాదు, పంచాయతీ రిజిస్టర్‌లోనే” అన్న మాట చేర్చాం.

దీనికి హద్దులు ఉన్నాయి, అవీ అధ్యాయంలోనే రాశాం. అక్క చూసింది నాలుగు ఊళ్లు, కాబట్టి “మండలం అంతటా” అని రాయలేదు. ఆ లెక్క గోదావరి ఎగపోటుకే పనిచేస్తుంది. అడవి వైపు కొండల్లో కుండపోత వాన పడి వాగు దానంతట అదే పొంగితే, గోదావరి తక్కువగా ఉన్నా రోడ్డు మునుగుతుంది. అప్పుడు ఆ రిజిస్టర్ చూసి ధైర్యంగా బండి దింపితే ప్రమాదం. ఆ హెచ్చరిక కూడా రిజిస్టర్ మొదటి పేజీలోనే ఉండాలని రాశాం. గోడ మీద గీత చదువు రానివాళ్లకీ కనపడుతుంది. మిగతాది గ్రామసభలో తెలుగుతో పాటు కోయ భాషలో చెప్పాలన్నది ఆశా అక్క చేర్పించిన మాట.

పదకొండు సూచనలు చివరికి ఐదయ్యాయి. పేజీలు మాత్రం మూడు నుంచి ఆరయ్యాయి. వైవాలో ఎగ్జామినర్ సాహిత్య సమీక్ష గురించే ఎక్కువ అడిగారట, ఈ అధ్యాయం జోలికి పెద్దగా వెళ్లలేదు. బైండింగ్ కాపీ లైబ్రరీకి వెళ్లిపోయింది. కానీ ఐదు సూచనల్నీ విడివిడిగా, ఒక్కోటి ఒక్క పేజీలో, పెద్ద అక్షరాలతో తెలుగులో ప్రింట్ తీశాం. ఆశా అక్కకి ఆమె పేజీ, కార్యదర్శికి ఆయన పేజీ, నాలుగు ఊళ్లకీ. అక్క వాటిని పట్టుకుని భద్రాచలం బస్సెక్కింది. బడి గోడ మీద గీత ఫోటో ఒక ఊరి నుంచి వచ్చింది. మిగతా మూడు ఊళ్లకి మే నెలలో మళ్లీ ఫోన్ చేయాలి.